కడగండి: ఒక్క మాట నుంచి ఒక పేరా దాకా

కుక్క కరిచిన పిల్లవాడి గాయం మీద కారం అద్దడం, సున్నం పెట్టడం, ఆకు పసరు పిండడం ఇప్పటికీ మన ఇళ్లలో ఉంది. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. అంతకు ముందు జాగ్రత్త పడితే జబ్బును రాకుండా ఆపవచ్చు. ఈ సంగతి పిల్లలకూ తల్లులకూ చేరవేయాలని మేము బడి గోడ మీద పోస్టర్ వేశాం, ఫోన్‌లో స్టేటస్ పెట్టాం, తల్లిదండ్రుల సమావేశంలో మాట్లాడాం. మూడు చోట్లా చెప్పాల్సింది ఒకటే, నిడివి మాత్రం వేరు. ఆ నిడివి దగ్గరే మేము మొదట తప్పులు చేశాం.

మా మొదటి స్టేటస్‌లో ‘కుక్కలతో జాగ్రత్త’ అని రాశాం. మునిసిపాలిటీ వాళ్లు కుక్కలను పట్టుకోవడం లేదని పది మంది జవాబిచ్చారు. గాయం గురించి ఒక్కరూ అడగలేదు. మేము విషయం పేరు చెప్పాం గానీ, చేయాల్సిన పని చెప్పలేదు. మొదటి పోస్టర్ మీద ‘కుక్క కరిస్తే టీకా’ అని వేశాం. అది తప్పు మాట కాదు. కానీ ఆరో తరగతి అబ్బాయి ఒకడు మోకాలి కింద గీతతో వచ్చి, “కరవలేదు సార్, గోళ్లతో గీరింది అంతే” అన్నాడు. పోస్టర్ చదివిన పిల్లవాడే ఆ మాట అన్నాడు.

అప్పటి నుంచి మేము పొట్టి మాటతో మొదలుపెట్టడం మానేశాం. ముందు ఒక పూర్తి వాక్యం రాసుకుంటాం: ‘కుక్క కరిచినా గీరినా వెంటనే సబ్బు రాసి, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టండి.’ ఇది నడుమ నిడివి. దీన్ని పైకి సాగదీస్తే ప్రసంగం, కిందికి కుదిస్తే పోస్టర్. ముందు పేరా రాసి దాన్ని తగ్గిస్తూ పోతే మనకు ఇష్టమైన ముక్క మిగులుతుంది గానీ, అవసరమైన ముక్క మిగలదు.

ఇక ఒక్క మాట. పై వాక్యంలో కుక్క, సబ్బు, నీళ్లు, ఆసుపత్రి, టీకా అన్నీ ఉన్నాయి. ఒకటే మిగల్చాలంటే ఏది? మాలో చాలామంది ‘టీకా’ అన్నారు. మేము ‘కడగండి’ వైపు మొగ్గాం. ఆసుపత్రికి ఎలాగూ ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. కరిచిన మొదటి నిమిషంలో, పెద్దవాళ్లెవరూ పక్కన లేనప్పుడు, పిల్లవాడు తానే చేయగలిగిన పని కడగడం ఒక్కటే. గాయంలో పడిన క్రిములు లోపలికి పోకముందే చాలావరకు కొట్టుకుపోయేది అప్పుడే. ఇంకో చిన్న కారణం కూడా ఉంది. ‘కడగండి’ అన్న మాటలో ఒత్తులు లేవు. ‘ప్రక్షాళన’ లాంటి మాట వేస్తే అక్షరం కింద మరో అక్షరం కూర్చుని, దూరం నుంచి చూస్తే నల్లటి ముద్దలా కనిపిస్తుంది. పది అడుగుల దూరానికి అక్షరం అంగుళం ఎత్తు ఉండాలని బోర్డులు రాసేవాళ్లు చెప్పే లెక్క. ఒత్తులున్న మాటకు వరుసల మధ్య అంతకు మించి చోటు వదలాలి.

అయితే ఒక్క మాటకు ఒక ప్రమాదం ఉంది. ‘కడగండి’ అని మాత్రమే ఉంటే కడిగితే చాలు, టీకా అక్కర్లేదు అనుకునేవాళ్లు ఉంటారు. ఉత్త మాటే స్టేటస్‌లో పెడితే అన్నానికి ముందు చేతులు కడగమన్నారని అనుకుంటారు. అందుకే ఆ మాటను మేము ఒకే చోట వాడాం. బడి కుళాయిల పైన, కుక్క బొమ్మ పక్కన పెద్దగా రాసి, దాని కింద ‘తర్వాత టీకా’ అని చిన్నగా వేయించాం. అక్కడ కుళాయి, బొమ్మ కలిసి మిగతా వాక్యాన్ని పూర్తి చేస్తాయి. అవి లేని చోట ఒక్క మాట సరిపోదు.

గేటు దగ్గర పోస్టర్‌కు రెండు వరుసలు ఇచ్చాం: ‘కరిచినా, గీరినా సబ్బుతో 15 నిమిషాలు కడగండి. అదే రోజు టీకా.’ చోటు చాలక 15 నిమిషాలు తీసేద్దామని ఫ్లెక్సీ అబ్బాయి అన్నాడు. మేము ఒప్పుకోలేదు. ఆ అంకె లేకపోతే చెంబుడు నీళ్లు పోసి కడిగామంటారు. కావాలంటే మన సొసైటీ పేరు చిన్నది చేయమన్నాం. దాతలు మన్నించాలి.

స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది, చూసేవాళ్లు వేలితో తోసుకుంటూ పోతారు. అక్కడ పైన చెప్పిన పూర్తి వాక్యమే పెట్టాం. ఒకే మార్పు చేశాం: ‘సబ్బు రాసి కడగండి’ అన్నది ముందుకు తెచ్చి, ఆసుపత్రి సంగతి చివరికి నెట్టాం. సగం చదివి తోసేసినవాళ్లకు కూడా మొదటి పని చేరాలి.

ప్రసంగంలో వినేవాళ్లు వెనక్కి తిప్పి చదువుకోలేరు. అందుకని వరుస మార్చకుండా, ప్రతి మెట్టుకూ ‘ఎందుకు?’ అన్నదానికి జవాబు చేర్చాం. సమావేశంలో చెప్పిన పేరా ఇది:

“కుక్క గానీ, పిల్లి గానీ, కోతి గానీ కరిచినా, గీరినా ముందు కడగండి. గాయాన్ని కుళాయి కింద పెట్టి, సబ్బు రాస్తూ 15 నిమిషాలు కడగండి. క్రిములు లోపలికి పోకముందే కొట్టుకుపోవాలి. కారం, సున్నం, పసుపు, పసరు ఏదీ పెట్టవద్దు. అవి క్రిమిని చంపవు, గాయాన్ని రేపుతాయి. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. రక్తం వచ్చిందా లేదా డాక్టరు గారికి చెప్పండి. రక్తం వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇంకో మందు కూడా ఇవ్వాల్సి ఉంటుంది. సోమవారం మొదటి టీకా పడితే గురువారం, మళ్లీ సోమవారం, ఆ మొదటి సోమవారానికి నాలుగు వారాలకు వచ్చే సోమవారం వెళ్లాలి. ఒక్కటి కూడా మానవద్దు.”

ఆసుపత్రి చీటీ మీద ఇవే 0, 3, 7, 28 రోజులుగా ఉంటాయి. చెవికి ఆ ‘సున్నా రోజు’ అర్థం కాదు. మొదటిసారి అంకెలు చదివి చూశాం, మూడో రోజంటే బుధవారమని సగం మంది లెక్కగట్టారు. వారాల పేర్లతో చెప్పాక తప్పలేదు. టీకా వేసే పద్ధతిని బట్టి రోజులు మారవచ్చు కాబట్టి, చీటీ మీద రాసిన తేదీలే ఖాయమని చివర్లో విడిగా చెప్పాం.

ఏది పెట్టినా, సరిగా చేరిందో లేదో తెలుసుకోవడానికి ‘అర్థమైందా?’ అని అడగం. అందరూ అయిందనే అంటారు. “ఇప్పుడు మీ వాడిని కుక్క గీరింది. మొదట ఏం చేస్తారు?” అని అడుగుతాం. మొన్నటి సమావేశంలో ఒక అమ్మ “ఆటో పిలుస్తాం” అంది. ఆమె తప్పేమీ లేదు. ఆ రోజు మేము ఆసుపత్రి గురించి గట్టిగా, రెండుసార్లు చెప్పాం. కడగడం గురించి ఒక్కసారే చెప్పాం. పక్కనే కూర్చున్న ఆమె కూతురు, ఐదో తరగతి పిల్ల, కుళాయి వైపు వేలు చూపించింది.