నలభై నిమిషాల్లో ఒక తీసివేత

మూడో తరగతి పాఠ్య ప్రణాళికల్లో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: ‘విద్యార్థులు తీసివేత భావనను అవగాహన చేసుకుంటారు.’ వినడానికి బాగానే ఉంటుంది. గంట కొట్టాక ఎవరికి అవగాహన అయింది, ఎవరికి కాలేదని అడిగితే మాత్రం చెప్పడం కష్టం. అవగాహన కంటికి కనబడదు. పిల్లలు చేసే పని కనబడుతుంది.

అమెరికాకు చెందిన రాబర్ట్ మేగర్ 1962లో ఈ విషయం మీదే ఓ చిన్న పుస్తకం రాశారు. లక్ష్యంలో మూడు సంగతులుండాలన్నారు: పిల్లలు ఏం చేస్తారు, ఏ పరిస్థితుల్లో చేస్తారు, ఎంతవరకు చేస్తే చాలు. అలా రాస్తే పై వాక్యం ఇలా మారుతుంది: ‘పుల్లల సాయం లేకుండా, పది అప్పు తెచ్చుకోవాల్సిన రెండంకెల తీసివేతలు ఐదిస్తే కనీసం నాలుగు సరిగ్గా చేస్తారు.’

ఇలా రాశాక ముందు తయారు చేయాల్సింది కృత్యాలు కాదు, చివరి ఐదు నిమిషాల్లో ఇచ్చే ఆ ఐదు లెక్కలు. వాటి నుంచి వెనక్కి నడవాలి. పుల్లలు లేకుండా చేయాలంటే అంతకుముందు కాగితం మీద చేసి ఉండాలి. దానికి ఓ 18 నిమిషాలు, అందులో కొంతసేపు జంటలుగా. అంతకుముందు 52లో 27 తీయడానికి ఒక పదుల కట్ట విప్పి, రెండు పుల్లల్ని పన్నెండు చేసుకోవాలి. దానికి 12 నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు 52లో 21 తీసే సులువైన లెక్క. అది రాని పిల్లలెవరో అప్పుడే తెలిసిపోతుంది. అంకెల పాట ఎంత ముద్దొచ్చినా ఈ పీరియడ్‌లో దానికి చోటు లేదు.

లెక్కల ఎంపికలోనే అసలు నేర్పుంది. 52 – 27కి పిల్లలు 25 బదులు 35 రాస్తే, రెండులోంచి ఏడు పోదని ఏడులోంచి రెండు తీశారన్నమాట. 40 – 16కి 36 వచ్చినా అదే తప్పు. ఐదింటికీ అప్పు అవసరమైతే మరో చిక్కు: ఎందుకో తెలియకుండానే ప్రతిచోటా అప్పు తెచ్చేవాళ్లూ నెగ్గుతారు. అందుకని అప్పు అక్కర్లేని 68 – 34 లాంటిది ఒకటి కలపాలి. అలా కలిపితే లక్ష్యాన్నీ కాస్త సవరించుకోవాలి. అది తప్పినా మిగతా నాలుగూ సరిపోతాయి కాబట్టి ‘ఐదింట నాలుగు’తో పాటు ఇది తప్పకూడదనీ రాసుకోవాలి.

అన్ని పాఠాలూ ఇలా కొలతకు లొంగవు. కథ విని నవ్వుకోవడానికి ఐదింట నాలుగు ఎక్కడ? కానీ లెక్కల పీరియడ్‌కు ఆ మినహాయింపు లేదు. సగం మంది పలకల మీద 35 కనబడితే మర్నాడు సిలబస్ ముందుకు కదలకూడదు. మళ్లీ పుల్లల కట్టలే తీయాలి.