హద్దు గీసేది ఒకటి, లెక్క రాసేది మరొకటి

పెట్రోలు ట్యాంకర్‌లో రెండు పరికరాలుండాలని మన మోటారు వాహనాల నిబంధనలు చెబుతాయి. ఒకటి అందరికీ తెలిసిన స్పీడ్ గవర్నర్, రెండోది టాకోగ్రాఫ్.

గవర్నర్ పని వేగాన్ని ఆపడం. 2015లో సవరించిన నిబంధన ప్రకారం చాలా రవాణా వాహనాలకు గంటకు 80 కిలోమీటర్లు, ట్యాంకర్లు, డంపర్లు, స్కూలు బస్సులకు 60 హద్దు. సెన్సార్ చెప్పే వేగం ఆ హద్దుకు చేరగానే ఇంజన్‌కు వెళ్లే ఇంధనాన్ని తగ్గిస్తుంది, డ్రైవర్ ఎంత తొక్కినా బండి లేవదు. అయితే అది బ్రేకు వేయదు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు నిండు ట్యాంకర్ తన బరువుకే 60 దాటిపోగలదు.

టాకోగ్రాఫ్ దేన్నీ ఆపదు, జరిగింది రాసిపెడుతుంది. పాతరకంలో మైనపు పూత పూసిన గుండ్రటి కాగితం 24 గంటలకోసారి చుట్టు తిరుగుతుంది. దాని మీద మూడు సూదులు గీస్తాయి. అంచు వైపు గీత వేగం. మధ్యలో బండి నడిచినంతసేపూ మందంగా, ఆగితే సన్నగా పడే పట్టీ. లోపలి వైపు పైకీ కిందికీ సాగే గీత దూరం. అందులో ఒక్కో గీటు 5 కిలోమీటర్లు.

ఈ దూరపు గీతే దొంగను పట్టిస్తుంది. 60కి కట్టడి ఉన్న ట్యాంకర్ ఉదయం 8 నుంచి 10 దాకా ఆగకుండా నడిచిందనుకుందాం. సమతల రోడ్డు మీద గరిష్ఠంగా 120 కిలోమీటర్లు, అంటే 24 గీట్లు పడాలి. కాగితం మీద 28 ఉంటే బండి 140 కిలోమీటర్లు వెళ్లింది, సగటున 70. గవర్నర్‌ను ఎవరో కదిపారన్నమాట.

ఐరోపాలో 2006 మే నుంచి కొత్త లారీల్లో కాగితం బదులు డిజిటల్ యంత్రం, డ్రైవర్ పేరిట కార్డు వచ్చాయి. అక్కడ నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం తప్పనిసరి, తనిఖీ అధికారి ఆ లెక్క కార్డులోనే చూస్తాడు. గేర్‌బాక్స్ సెన్సార్‌కు అయస్కాంతం అంటించి, నడుస్తున్న బండిని ఆగినట్టు చూపించే మోసం కూడా పుట్టింది. అందుకే కొత్త యంత్రాలు కదలికను మరో ఆధారంతోనూ సరిచూస్తాయి.

మన దగ్గర లోటు ఇక్కడే ఉంది. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం మామూలుగా రోజుకు 8 గంటల పనే అనేది. కానీ సిమెంటో ధాన్యమో మోసే మామూలు లారీకి టాకోగ్రాఫ్ తప్పనిసరి కాదు. దాని డ్రైవర్ పద్నాలుగు గంటలుగా నిద్రకు తూగుతూ 75లో వెళుతున్నా గవర్నర్ దృష్టిలో ఏ తప్పూ లేదు. ఆ గంటలను ఆ బండిలో ఏ పరికరమూ రాసుకోవడం లేదు.