ద, ధ తేడా చెరిపేసే ఫైలు

శుభలేఖలు వేసే డీటీపీ సెంటర్లకి ఇప్పుడు ఒకే డిజైన్‌తో రెండు పనులు ఉంటున్నాయి. అచ్చుకి ముందు పెళ్లివారికి ప్రూఫ్ చూపించాలి. తర్వాత అదే కార్డుని తమ వెబ్‌సైట్‌లో నమూనాగా పెట్టుకోవాలి. ఎక్స్‌పోర్ట్ నొక్కగానే జేపెగ్, పీఎన్‌జీ, వెబ్‌పీ అంటూ పేర్లు వస్తాయి. చాలామంది చెయ్యి అలవాటుగా జేపెగ్ మీదికే పోతుంది. ఫొటోకైతే ఆ అలవాటుతో ఇబ్బంది లేదు. తెలుగు అక్షరాలున్న కార్డుకి మాత్రం ఉంది. అదేమిటో ఒక మామూలు కార్డు ముందు పెట్టుకుని చూద్దాం.

కార్డు వెడల్పు ఐదంగుళాలు, ఎత్తు ఏడంగుళాలు అనుకోండి. అచ్చుకి వాడే అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన ఒక్కో ముఖం 1500 × 2100 పిక్సెళ్లు అవుతుంది. ముందువైపు పసుపు నేల మీద ఎర్ర అక్షరాలు, పైన వినాయకుడి గీతబొమ్మ. లోపల తెల్లకాగితం మీద నల్ల అక్షరాల్లో ముహూర్తం, కల్యాణమండపం చిరునామా, బంధువుల పేర్లు. వెనకవైపు వధూవరుల ఫొటో. ఏమీ కుదించకుండా ఉంచితే ఒక్కో ముఖం సుమారు 9 ఎంబీ. ఈ మూడు ముఖాలకీ ఒకే ఫార్మాట్ సరిపోదు.

ముందు వెనకవైపు ఫొటో సంగతి. 1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్‌ని ఇలాంటి ఫొటోల కోసమే తయారుచేశారు. అది బొమ్మని ఎనిమిది పిక్సెళ్ల వెడల్పు, ఎనిమిది పిక్సెళ్ల ఎత్తు ఉన్న గళ్లుగా విడదీస్తుంది. ఒక్కో గడిలో వెలుగునీడలు ఎంత నెమ్మదిగా, ఎంత వేగంగా మారుతున్నాయో లెక్కకట్టి, కంటికి అంతగా ఆనని సన్నటి మార్పుల్ని వదిలేస్తుంది. పెళ్లికూతురి బుగ్గ మీద వెలుతురు మెల్లగా నీడలోకి జారుతుంది కదా, అక్కడ ఏం వదిలేసినా మనం పసిగట్టలేం. ఫైలు మాత్రం పదోవంతుకో ఇంకా కిందికో దిగిపోతుంది. అదే ఫొటోని పీఎన్‌జీగా దాస్తే ఒక్క పిక్సెల్ కూడా పోదు, కానీ ఫైలు ఎన్నో రెట్లు పెద్దదవుతుంది. ఆ బరువుకి తగ్గ లాభం కంటికి కనిపించదు.

ఇప్పుడు ముందువైపుకి రండి. పసుపు మీద ఎర్ర అక్షరం అంచు దగ్గర రంగు నెమ్మదిగా మారదు, ఒక్కసారిగా తెగుతుంది. జేపెగ్ గడిలో ఇలాంటి తెగిన అంచు పడితే దాన్ని చెప్పడానికి సన్నటి మార్పులన్నీ కావాలి. సరిగ్గా వాటినే అది వదిలేసింది కాబట్టి, అక్షరం చుట్టూ దోమలు ముసిరినట్టు చుక్కలు పుడతాయి. ఇది మొదటి దెబ్బ.

రెండో దెబ్బ రంగుకి తగులుతుంది. మన కన్ను వెలుగులో తేడాని పట్టినంత నిశితంగా రంగులో తేడాని పట్టలేదు. అందుకని జేపెగ్ వెలుగుని, రంగుని వేరుచేసి, వెలుగుని ప్రతి పిక్సెల్‌కీ ఉంచి, రంగుని మాత్రం నాలుగు పిక్సెళ్లకి ఒకటి చొప్పున దాచుకునే వీలుంది. సాఫ్ట్‌వేర్లలో 4:2:0 అని కనిపించేది ఇదే. అంటే మన 1500 పిక్సెళ్ల కార్డులో రంగుకి మిగిలేది 750 పిక్సెళ్ల వెడల్పే. ఎరుపుని ఆనుకుని ఉన్న పసుపు నారింజలోకి మురికిపడుతుంది, సన్నటి గీతలో ఎరుపు వెలిసిపోతుంది. అసలు సైజులో ఇది ఓర్చుకోదగ్గదే. వెబ్‌సైట్ కోసం బొమ్మని 540 పిక్సెళ్లకి తగ్గించాక చూడండి. అప్పుడు ఒత్తుల గీతలు రెండు పిక్సెళ్ల మందమే ఉంటాయి, వాటికి దక్కే రంగు ఒక పిక్సెల్‌ది. తెరమీద నలిగినట్టు కనిపించే తెలుగు పోస్టర్లలో ఈ జబ్బు తరచుగా ఉంటుంది.

ఆంగ్ల అక్షరాల కంటే మన అక్షరాలకే ఈ నష్టం ఎక్కువని నా నమ్మకం. ద, ధ, థ మధ్య ఉన్న తేడా అంతా ఒక చిన్న గీతలోనో చుక్కలోనో ఉంది. ప, ఫ కూడా అంతే. పదం కింద వేలాడే ఒత్తులు అసలు అక్షరం కంటే చిన్నవి. ప్రూఫ్ పంపేదే తప్పులు పట్టుకోవడానికి. ఇంటిపేరులో ద పడిందా, ధ పడిందా అని పెద్దాయన ఫోన్‌లో పెద్దది చేసి చూస్తుంటే, అక్కడ గీత ఉందో చుక్కల మరక ఉందో తేలకపోతే ఆ ప్రూఫ్ పంపి ప్రయోజనం లేదు. ఆయన సరే అంటాడు. తప్పు వెయ్యి కార్డుల మీదికి ఎక్కుతుంది.

అందుకే అక్షరాలున్న ముఖాలకి పీఎన్‌జీ. 1996లో వచ్చిన ఈ ఫార్మాట్ ఏదీ వదిలెయ్యదు. పక్కపక్కనే ఒకేలా ఉన్న పిక్సెళ్లని, మళ్లీమళ్లీ వచ్చే వరసల్ని క్లుప్తంగా రాసుకుని ఫైలుని చిన్నది చేస్తుంది. నేలంతా ఒకే పసుపు, అక్షరాలన్నీ ఒకే ఎరుపు అయితే దాని పని ఇంకా తేలిక. ఇలాంటి కార్డుకి పీఎన్‌జీ ఫైలు మంచి నాణ్యత ఉన్న జేపెగ్ కంటే చిన్నదిగా రావడం మామూలే. నాణ్యతా ఎక్కువ, బరువూ తక్కువ. పసుపు నేలకి బదులు పట్టుచీర ఫొటోనో, చుక్కచుక్కల చేతికాగితం బొమ్మనో పరిస్తే మాత్రం ఈ లాభం పోతుంది.

అను ఫాంట్లతో కట్టిన ఫైలు, ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ప్రూఫ్‌ని బొమ్మగా పంపే అలవాటుకి అదొక కారణం. కానీ పీఎన్‌జీ చేసి కూడా వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది మళ్లీ నలిగే చేరుతుంది. డాక్యుమెంట్‌గా పంపాలి. ఇంకో మాట: దిద్దుబాటు వచ్చినప్పుడు అసలు డిజైన్ ఫైలు తెరిచి దిద్దాలే తప్ప, పంపిన జేపెగ్‌నే తెరిచి దిద్ది మళ్లీ జేపెగ్‌గా దాచకూడదు. దాచిన ప్రతిసారీ కొంత పోతుంది. అలా పోయింది పీఎన్‌జీగా మార్చినా తిరిగి రాదు. చుక్కలతో సహా పదిలంగా ఉంటుంది, అంతే.

తప్పనిసరిగా జేపెగే కావాలని ఎవరైనా అడిగితే రంగు కుదింపుని ఆపెయ్యండి. గింప్‌లో ఎక్స్‌పోర్ట్ కిటికీలోనే 4:4:4 ఎంచుకోవచ్చు. ఇమేజ్‌మ్యాజిక్ వాడేవాళ్లకి ఇదీ ఆజ్ఞ:

```
magick card.png -sampling-factor 4:4:4 -quality 92 card.jpg
```

రంగు అంచులు నిలుస్తాయి. మొదటి దెబ్బ తాలూకు చుక్కలు తగ్గుతాయి కానీ పూర్తిగా పోవు.

ఇక వెబ్‌పీ. 2010లో గూగుల్ దీన్ని ప్రకటించింది. 2020లో సఫారీ కూడా చదవడం మొదలుపెట్టాక వెబ్‌సైట్లలో ధైర్యంగా వాడుకునే వీలొచ్చింది. ఒకే పేరుతో ఇందులో రెండు వేర్వేరు పద్ధతులున్నాయి, గందరగోళమంతా అక్కడే. ఒకటి జేపెగ్‌లా వదిలేసేది. జేపెగ్ కంటే దాదాపు పావు నుంచి మూడో వంతు దాకా చిన్నదవుతుందని గూగుల్ చెబుతుంది. రెండోది పీఎన్‌జీలా ఏదీ వదలనిది. అది పీఎన్‌జీ కంటే సుమారు పావువంతు చిన్నదని వాళ్ల లెక్క.

వదిలేసే వెబ్‌పీకి ఒక పరిమితి ఉంది. అది రంగుని ఎప్పుడూ 4:2:0లోనే దాస్తుంది. నాణ్యత మీటని 100 దాకా జరిపినా ఎర్ర అక్షరం రంగు సగం వెడల్పులోనే ఉంటుంది. జేపెగ్‌లో ఉన్న 4:4:4 దారి ఇక్కడ లేదు. కాబట్టి వెబ్‌సైట్‌లో కార్డు ముందువైపుకి, లోపలివైపుకి ఏదీ వదలని వెబ్‌పీ, వధూవరుల ఫొటోకి వదిలేసే వెబ్‌పీ పెట్టుకోవాలి.

```
cwebp -lossless card.png -o card.webp
cwebp -q 80 photo.png -o photo.webp
```

ఫొటో మీదే అక్షరాలున్న డిజైన్ అయితే రెండో వరుసలో `-sharp_yuv` చేర్చండి. రంగుని కుదించేటప్పుడు అంచుల దగ్గర కాస్త జాగ్రత్తపడమని దానర్థం. పూర్తి మందు కాదు, కానీ తేడా తెలుస్తుంది. రెండు ఫైళ్లనీ 400 శాతం పెద్దవి చేసి, ఏదైనా ఒత్తు చుట్టూ పక్కపక్కన పోల్చి చూడండి. పక్కన శుభ్రమైన పసుపు ఉందా, నారింజ పొగ ఉందా అన్నది ఒక్క చూపులో తేలిపోతుంది. అన్నట్టు వెబ్‌సైట్ బొమ్మకి 72 పెట్టాలా 300 పెట్టాలా అని చాలామంది అడుగుతారు. తెర ఆ అంకెని పట్టించుకోదు, దానికి కావలసింది ఎన్ని పిక్సెళ్లన్నదే.

దుకాణం చిహ్నానికి వెనక రంగు లేకుండా కావాలంటే జేపెగ్ పనికిరాదు. పారదర్శకత దానికి లేదు, తెల్లపెట్టె వచ్చి కూర్చుంటుంది. పీఎన్‌జీ, వెబ్‌పీ రెండూ దాన్ని మోస్తాయి.

అచ్చుకి వెళ్లేసరికి లెక్క మారుతుంది. వెబ్‌పీని ప్రెస్‌కి పంపకండి. పేజీలు అమర్చే పాత సాఫ్ట్‌వేర్లు దాన్ని తెరవవు. అదీగాక వెబ్‌పీ, పీఎన్‌జీ రెండూ తెర రంగులైన ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లోనే ఉంటాయి. సియాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాల లెక్క వాటిలో ఇమడదు. జేపెగ్‌లో ఇముడుతుంది. ప్రూఫ్ చదువుకోవడానికి పీఎన్‌జీ చాలు. రంగు ఎలా పడుతుందో చెప్పడానికి చాలదు.

ముందువైపుకి దీనివల్ల పెద్దగా ప్రమాదం లేదు. ఎరుపు అంటే అచ్చులో దాదాపు మెజెంటా, పసుపుల కలయిక. నేల అప్పటికే పసుపు. అంటే పసుపు సిరా అంతటా పరుచుకుని ఉండగా, అక్షరాల ఆకారాన్ని ముఖ్యంగా మెజెంటా పలకే మోస్తుంది. పలకలు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చెదరదు. తెరమీద ఇబ్బంది పెట్టిన రంగుల జంట అచ్చులో ఇంత సౌకర్యంగా ఉండటం నాకు భలే నచ్చిన సంగతి.

కష్టం లోపలివైపు నల్ల అక్షరాలతో వస్తుంది. పీఎన్‌జీలోని నలుపుని నాలుగు సిరాల్లోకి మారిస్తే అది ఒక్క నల్ల సిరాగా మారదు. ఫొటోషాప్ చాలాకాలంగా మామూలుగా వాడే అమెరికన్ ప్రమాణంలో 75 శాతం సియాన్, 68 మెజెంటా, 67 పసుపు, 90 నలుపు అవుతుంది. చిరునామాలోని సన్నటి అక్షరం మీద నాలుగు పలకలు కచ్చితంగా ఒకదానిమీద ఒకటి పడాలి. ఏ ఒక్కటి జరిగినా అక్షరానికి నీలిదో గులాబీదో నీడ మొలుస్తుంది. అందుకే ప్రెస్‌కి ఇవ్వాల్సింది పీడీఎఫ్. అక్షరాలు అందులో పిక్సెళ్లుగా కాక గీతలుగా, 100 శాతం నలుపు ఒక్కటే సిరాగా ఉండాలి. వెనకవైపు ఫొటోని మాత్రం ఎక్కువ నాణ్యత ఉన్న సీఎంవైకే జేపెగ్‌గా అందులో పొదగవచ్చు.

ఆ పీడీఎఫ్ సరిగ్గా వచ్చిందో లేదో అక్రోబాట్ ప్రోలో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిచి చూసుకోవచ్చు. నాలుగు సిరాల పేర్ల పక్కన టిక్కులుంటాయి. నలుపు పక్కన టిక్కు తీసేయండి. లోపలి పేజీలో అక్షరాలన్నీ మాయమై తెల్లకాగితం మిగిలితే ఫైలు ప్రెస్‌కి వెళ్లొచ్చు. నీరుకారిన రంగులో అక్షరాలు ఇంకా కనిపిస్తుంటే, ఎక్కడో ఒక పీఎన్‌జీ బొమ్మే లోపల కూర్చుంది.