చెట్టు ఒరిగితే నిలబెట్టేదెలా?

సెర్చ్ ట్రీలో చిన్న సంఖ్య ఎడమకు, పెద్దది కుడికి వెళ్తుంది. అన్నీ ఒకే పక్కకు చేరితే చెట్టు గొలుసులా సాగి, వెతకడం నెమ్మదిస్తుంది. అందుకే 1962లో సోవియట్ గణితవేత్తలు అడెల్సన్-వెల్‌స్కీ, లాండిస్ ఒక నియమం పెట్టారు: ఏ నోడ్ దగ్గరైనా రెండు పక్కల ఎత్తుల తేడా 1 దాటకూడదు.

30, 10, 20 వరుసగా చేర్చుదాం. 30కి ఎడమన 10, ఆ 10కి కుడిన 20 చేరతాయి. ఇప్పుడు 30 దగ్గర ఎడమ ఎత్తు 2, కుడి ఎత్తు 0. నియమం తప్పింది. నేరుగా 30ని కుడికి తిప్పితే? 10 పైకొస్తుంది, 30 దాని కుడికి దిగుతుంది, 20 వెళ్లి 30 కింద ఎడమన చేరుతుంది. ఒరుగు పక్క మారిందంతే!

కాబట్టి ముందు 10ని ఎడమకు తిప్పాలి. 20 పైకొచ్చి, 10 దానికి ఎడమన చేరుతుంది. 30, 20, 10 ఒకే వాలులోకి వచ్చాయి. ఇక 30ని కుడికి తిప్పితే 20 పైన, 10 ఎడమన, 30 కుడిన కుదురుకుంటాయి.

మరి 10, 30, 20 చేర్చితే ముందు దేన్ని ఎటు తిప్పాలి? కాగితం మీద గీసి చూడండి.