వెండి గ్లాసును నీళ్లలో తూచి చూడండి

పాత వెండి గ్లాసు మార్చుకుందామని వెళితే కొట్లో ‘టంచ్ ఎనభైకి మించదండీ’ అంటారు. నూటికి ఎనభై పాళ్లే వెండి, మిగతాది రాగి అని అర్థం. ఆ మాట నిజమో కాదో ఇంట్లోనే తేల్చుకోగలమా? కొంతవరకే.

అయస్కాంతానికి అతుక్కుంటే లోపల ఇనుము ఉన్నట్టే. అతుక్కోకపోతే మాత్రం ఏమీ తేలదు. రాగి, ఇత్తడి, జర్మన్ సిల్వర్ కూడా అతుక్కోవు. ఐసుముక్క పరీక్షదీ అదే తంతు. రాగి మీద కూడా ఐసు గబగబా కరిగిపోతుంది.

వీటికంటే నీళ్లలో తూచడం నయం. ముందు గ్లాసును మామూలుగా తూచండి. 208 గ్రాములు తూగిందనుకుందాం. ఇప్పుడు వంటింటి డిజిటల్ కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి, అంకెను సున్నా చేయండి. గ్లాసును దారంతో కట్టి, అడుగుకూ అంచులకూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. గాలి బుడగలు లేకుండా చూసుకోవాలి. అప్పుడు కాటా చూపించేది గ్లాసు ఘనపరిమాణం. మొదటి బరువును దీనితో భాగిస్తే సాంద్రత వస్తుంది. మేలిమి వెండికి అది 10.49. వెండిపూత పూసిన జర్మన్ సిల్వర్‌కైతే 8.7 దగ్గర ఉంటుంది.

మన గ్లాసు జర్మన్ సిల్వర్‌దైతే కాటా 24 దాకా చూపిస్తుంది. 925 వెండైతే 20.1, ఎనభై టంచ్ అయితే 20.5. అంటే పూత మోసం ఇట్టే దొరుకుతుంది గానీ, కొట్లో వచ్చిన తగాదా మాత్రం తీరదు. అర గ్రాము కూడా లేని ఆ తేడాను వంటింటి కాటా పట్టలేదు. ఇక అంచు మడతలో గాలి చిక్కిన గ్లాసుకూ, లోపల లక్క నింపిన వస్తువుకూ ఈ లెక్క అసలు పనికిరాదు.

ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం అవసరమయ్యేది ఇక్కడే. ఎక్స్‌రే తగిలిన ప్రతి లోహమూ తనదైన శక్తితో కిరణాలు వెలువరిస్తుంది. వాటిని చదివి, ఏది ఎన్ని పాళ్లుందో యంత్రం నిమిషాల్లో చెబుతుంది. డబ్బు పెట్టవచ్చా అన్నది చిన్న లెక్క: 208 గ్రాముల్లో ఎనభైకీ తొంభైరెండున్నరకూ మధ్య తేడా 26 గ్రాముల మేలిమి వెండి. ఆ విలువ ముందు పరీక్ష రుసుము ఏపాటిది? నాలుగు గ్రాముల మెట్టెలకైతే తేడా అర గ్రామే, ఆ ఖర్చు దండగ.

అయితే ఆ యంత్రం చూపు పైపొరను దాటి లోపలికి పెద్దగా పోదు. దళసరి పూత ఉంటే పూతనే చదువుతుంది. ఆమ్లంలో శుభ్రం చేసిన వస్తువు పైపొరలో రాగి తగ్గిపోయి, ఉన్నదానికంటే ఎక్కువ టంచ్ కనబడుతుంది. అందుకే గ్లాసు అడుగున కనబడనిచోట కాస్త గీయించి, ఆ గీత మీద ఒకసారి, గీయని చోట ఒకసారి చదివించమనండి. రెండు అంకెలూ బాగా తేడాగా వస్తే గీతమీది అంకెకే బేరమాడాలి. టంకం వేసిన అతుకుల మీద మాత్రం చదవనివ్వకండి. అక్కడ ఎలాగూ వెండి తక్కువే చూపిస్తుంది.