ఒక్క ఇంజెక్షన్, నాలుగు దారులు

చిన్న క్లినిక్‌లో నర్సు ఒక ఇంజెక్షన్ వేసిందనుకుందాం. ఆ కాసేపట్లోనే ట్రేలో సూది, సిరంజి, రక్తం అంటిన దూది, ఖాళీ మందు సీసా మిగులుతాయి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటి దారులు వేరు. సూదికి మళ్లీ మూత పెట్టకూడదు; చాలామందికి వేలికి గుచ్చుకునేది అప్పుడే. దాన్ని నీడిల్ కట్టర్‌లో కత్తిరిస్తే, అందులోని ముక్కలు చివరికి గుచ్చినా చిల్లు పడని తెల్ల డబ్బాలోకి చేరాలి. సూది తీసేసిన సిరంజి ఎర్ర సంచిలోకి, దూది పసుపు సంచిలోకి, గాజు సీసా నీలం పెట్టెలోకి వెళ్తాయి. ఇన్సులిన్ సిరంజికి సూది ఊడదు కాబట్టి అది మొత్తంగా తెల్ల డబ్బాలోనే పడాలి. దాన్ని ఎర్ర సంచిలో వేసేవాళ్లు ఎక్కువ.

పసుపు సంచిలోది కాల్చేస్తారు. ఎర్ర సంచిలోది ఆవిరితో శుద్ధిచేసి, ముక్కలు చేసి, రీసైక్లింగ్‌కు పంపుతారు. అందుకే సెలైన్ గొట్టాన్ని పసుపులో వేయడం నాకు అన్నిటికన్నా పెద్ద తప్పనిపిస్తుంది: పీవీసీ కాలితే డయాక్సిన్ల వంటి విషవాయువులు పుడతాయి. సిరంజి పైకవరు మాత్రం రక్తం అంటనంతవరకు మామూలు చెత్తే. దాన్ని ఎర్ర సంచిలో కుక్కితే సంచి ఊరికే నిండుతుంది. ముప్పావు వంతు నిండగానే సంచి మూతి కట్టి, 48 గంటలు దాటకుండా వ్యాన్‌కు అప్పగించాలి. మోసేటప్పుడు ఎర్ర సంచిలోంచి సూదిమొన పొడుచుకొచ్చిందంటే, ఆ రోజు కట్టర్ వాడలేదన్నమాట.