కొత్త వార్డ్‌రోబ్ వాసన ఎందుకు వదలదు?

కొత్త ఇంట్లో వచ్చే వాసన ఒక్కటి కాదు, రకరకాల వస్తువుల నుంచి వచ్చే ఆవిర్ల కలబోత. తలుపులకు, గ్రిల్స్‌కు వేసే ఎనామెల్ రంగు ఘాటు తలనొప్పి తెప్పిస్తుంది గానీ, అందులోని ద్రావకం ఎగిరిపోతున్నకొద్దీ రోజుల్లోనే తగ్గుతుంది. గోడల ఎమల్షన్ నీటితో కలిపేది కాబట్టి దాని వాసన ఇంకా తక్కువ. ఫోమ్ పరుపును కవరు విప్పి, గాలి తగిలేచోట కొన్నాళ్లు నిలబెడితే సాధారణంగా సరిపోతుంది. వీటన్నిటికంటే మొండిది పార్టికల్ బోర్డు వార్డ్‌రోబ్.

ఈ బోర్డులో చెక్క తునకలను పట్టి ఉంచేది ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. అందులో కలవకుండా మిగిలిన ఫార్మాల్డిహైడ్ వాయువు ముందు బయటికి వస్తుంది. ఆ తర్వాత గాలిలోని తేమ జిగురునే కొంచెం కొంచెంగా విడగొడుతూ ఉంటుంది. అందుకే ఇది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగుతుంది. వేడి, తేమ రెండూ కలిసిన ఉక్కపోత రోజుల్లో మరీ ఎక్కువ. సన్‌మైకా అతికించిన వైపు నుంచి పెద్దగా రాదు. పట్టీ వేయని అంచులు, స్క్రూ రంధ్రాలు, వైర్ల కోసం కోసిన చోట్లే అసలు దారులు. అర తలుపు తీయగానే కళ్లు మండితే ముందు చూడవలసింది అక్కడే.

10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న పడకగదిలో 1200 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. నిమిషానికి 200 ఘనపుటడుగులు బయటికి తోసే ఫ్యాన్ ఆరు నిమిషాల్లో అంత గాలినీ లాగుతుంది. కానీ కొత్త గాలి పాతదానితో కలుస్తూ ఉండటంతో, ఆవిర్లలో మూడో వంతుకు పైగా ఇంకా లోపలే మిగులుతాయి. అరగంటకు గది దాదాపు శుభ్రపడుతుంది. వార్డ్‌రోబ్ మాత్రం అక్కడే ఉంది కదా! తలుపులు మూసి పడుకుంటే తెల్లారేసరికి వాసన మళ్లీ పేరుకుంటుంది. రోజుకొకసారి బార్లా తెరవడంతో పాటు, రాత్రంతా కిటికీ కొద్దిగా తీసి ఉంచడం అందుకే అవసరం.

సీలింగ్ ఫ్యాన్ ఉన్న గాలినే కలియబెడుతుంది. మామూలు స్ప్లిట్ ఏసీ కూడా లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. టేబుల్ ఫ్యాన్‌ను కిటికీ దగ్గర బయటివైపు తిప్పి పెట్టి, ఎదురుగా మరో కిటికీ తెరిస్తే గాలి గదిని దాటుకుంటూ పోతుంది. వార్డ్‌రోబ్ తలుపులూ తీసే ఉంచాలి.

అగరుబత్తి వెలిగిస్తే వాసన మరుగున పడుతుందే తప్ప వాయువు పోదు. పైగా పొగ తోడవుతుంది. ఎనామెల్ ఆరని గదిలోనైతే నిప్పే ప్రమాదం, ఆ ద్రావకపు ఆవిరి మండుతుంది. రంగులు పూర్తికాకుండానే గృహప్రవేశ ముహూర్తం ముంచుకొస్తే, హోమానికి రంగు పూర్తిగా ఆరిన, గాలి ఆడే చోటు చూసుకోవాలి.

వాసన తగ్గిందో లేదో ముక్కుకు త్వరగా తెలియదు, అది అలవాటు పడిపోతుంది. కొన్ని గంటలు బయట తిరిగి వచ్చి మూసి ఉన్న గది తలుపు తీసినప్పుడు తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్మాల్డిహైడ్‌కు సూచించిన పరిమితి అరగంట సగటున ఘనపు మీటరు గాలిలో 0.1 మిల్లీగ్రాము. చవక మీటర్లు అత్తరుకూ, శానిటైజర్‌కూ కూడా పెద్ద అంకె చూపిస్తాయి, వాటిని నమ్మలేం. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవారు మంట, దగ్గు లేకుండా ఉండే దాకా వేరే గదిలో పడుకోవడం మేలు. ఈలోగా వడ్రంగి చేత తెరిచి ఉన్న అంచులన్నిటికీ పట్టీ వేయిస్తే వాయువు రావడమే నెమ్మదిస్తుంది.